యాంగిల్ పక్కకు ఎందుకు వంగుతుంది?

ఇనుము దుకాణంలో దొరికే ఎల్ ఆకారపు యాంగిల్ ఒకటి తీసుకుందాం. ఒక రెక్క 100 మిల్లీమీటర్లు, రెండోది 75 మిల్లీమీటర్లు, మందం 10 మిల్లీమీటర్లు. పొడవాటి రెక్క నిటారుగా, పొట్టి రెక్క దాని అడుగున కుడివైపుకు ఉండేలా రెండు మీటర్ల ముక్కను గోడలోకి గట్టిగా బిగిద్దాం. ఇప్పుడు బయటి కొసకు, రెండు రెక్కలు కలిసే మూల దగ్గర, 1000 న్యూటన్ల బరువు, అంటే సుమారు వంద కిలోలు, వేలాడదీద్దాం.

ఇంజనీరింగ్ రెండో ఏడాది విద్యార్థి ఎవరైనా కొస ఎంత దిగుతుందో ఐదు నిమిషాల్లో లెక్కగట్టగలరు. యాంగిల్ సొంత బరువును పక్కన పెడితే ఆ లెక్కలో 8 మిల్లీమీటర్లు వస్తుంది. నిజంగా వేలాడదీసి చూస్తే కొస 12 మిల్లీమీటర్లకు పైగా దిగుతుంది. అంతకన్నా వింత ఏమిటంటే, ఎవరూ పక్కకు తోయకపోయినా అది ఎడమవైపుకు కూడా 10 మిల్లీమీటర్లకు పైగా జరుగుతుంది.

గోడలో బిగింపు వదులైందనో, యాంగిల్ ముందే వంకరగా ఉందనో అనుకోవడం సహజం. బిగింపు సరిగ్గానే ఉంది, యాంగిల్ తిన్నగానే ఉంది. లోపం లెక్కలో ఉంది. ఆ లెక్క ఒక సంఖ్యను వదిలేసింది. దాని పేరు జడత్వ లబ్ధం. కాలేజీలో అందరూ ప్రాడక్ట్ ఆఫ్ ఇనర్షియా అని పిలిచేది దీన్నే. చాలామందికి ఇది పరీక్షలో ఒక సూత్రంగా వచ్చి వెళ్లిపోతుంది. అది వేలాడే బరువును పక్కకు లాగే సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది, కొందరికి అసలు తెలియదు.

ముందు జడత్వ భ్రామకం సంగతి. ఒక దూలాన్ని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారమే దాని అడ్డుకోత. ఆ ఆకారం మీద, గురుత్వ కేంద్రం గుండా ఒక గీత గీద్దాం. అడ్డుకోతను చిన్నచిన్న ముక్కలుగా ఊహించుకుని, ఒక్కో ముక్క వైశాల్యాన్ని ఆ గీత నుంచి దానికున్న దూరపు వర్గంతో గుణించి, అన్నిటినీ కూడితే వచ్చేదే ఆ గీత చుట్టూ జడత్వ భ్రామకం. గీతకు దూరంగా ఎక్కువ లోహం ఉంటే ఈ సంఖ్య పెద్దదవుతుంది, దూలం ఆ గీత చుట్టూ వంగడానికి మొరాయిస్తుంది. ప్లాస్టిక్ స్కేలు నిలబెట్టి నొక్కితే వంగదు, పడుకోబెట్టి నొక్కితే ఇట్టే వంగుతుంది. రెండు సందర్భాల్లోనూ ప్లాస్టిక్ అంతే, గీత నుంచి దాని దూరాలే మారాయి.

అడ్డంగా ఉన్న గీతను x అక్షమనీ, నిలువు గీతను y అక్షమనీ అందాం. వాటి చుట్టూ ఉన్న భ్రామకాలు Ix, Iy. మూడో సంఖ్య Ixy. దీనికి ఒక్కో ముక్క వైశాల్యాన్ని దాని అడ్డు దూరంతోనూ, నిలువు దూరంతోనూ గుణించి కూడాలి. దూరాలను ఇక్కడ గుర్తులతో సహా తీసుకుంటాం. కుడివైపున పైన ఉన్న ముక్కలకు లబ్ధం ధనం, ఎడమవైపున పైన ఉన్నవాటికి రుణం. అడుగున ఇది తిరగబడుతుంది. భ్రామకం ఎప్పుడూ ధనమే, ఎందుకంటే దూరాన్ని వర్గం చేస్తాం. లబ్ధం మాత్రం ధనం కావచ్చు, రుణం కావచ్చు, సున్నా కూడా కావచ్చు. ఐ ఆకారపు గడ్డర్‌లో కుడి సగం ఎడమ సగానికి అద్దంలో బొమ్మ కాబట్టి ప్రతి ధన ముక్కకూ ఎదురుగా ఒక రుణ ముక్క ఉండి, మొత్తం సున్నా అవుతుంది. మన యాంగిల్‌కు ఆ సౌలభ్యం లేదు. దాని లోహంలో ఎక్కువ భాగం గురుత్వ కేంద్రానికి ఎడమవైపు పైనా, కుడివైపు కిందా ఉంది. రెండూ రుణమే. ఒకదాన్నొకటి కొట్టేసుకోవు.

ఇక పక్కకు ఎందుకు జరుగుతుందన్న ప్రశ్న. యాంగిల్ తిన్నగా కిందికే వంగిందని కాసేపు అనుకుందాం. గోడ నుంచి ముందుకు చాచిన దూలం కిందికి వంగితే పైభాగం సాగుతుంది, కిందిభాగం నొక్కుకుంటుంది. గురుత్వ కేంద్రం నుంచి ఎంత పైకి వెళితే అంత లాగుడు, ఎంత కిందికి వెళితే అంత నొక్కుడు. మన యాంగిల్‌లో పైన ఉన్న లోహం ఎడమవైపు ఉంది, అంటే లాగుడంతా ఎడమన పోగుపడింది. అడుగున ఉన్న లోహం ఎక్కువగా కుడివైపు ఉంది, అంటే నొక్కుడు కుడివైపుకు ఒరిగింది. ఎడమన లాగుడు, కుడిన నొక్కుడు ఉన్న దూలం పక్కకు వంచబడుతున్న దూలమే. కానీ దాన్ని పక్కకు వంచుతున్న బయటి బలం ఏదీ లేదు. లోపలి బలాలు బయటి బలంతో సరితూగితేనే దూలం నిలకడగా ఉంటుంది కాబట్టి, తిన్నగా కిందికి వంగడం దానికి సాధ్యం కాదు. ఆ అదనపు పక్క వంపును రద్దు చేసుకునేదాకా అది పక్కకు జరగాల్సిందే. ఈ అదనపు వంపు ఎంతో చెప్పే సంఖ్యే జడత్వ లబ్ధం. నిజానికి లెక్క చాలా చిన్నది. కిందికి దిగిన దూరాన్ని Ixy/Iy తో గుణిస్తే పక్కకు జరిగిన దూరం వస్తుంది.

ఇప్పుడు మన యాంగిల్‌కు ఆ మూడు సంఖ్యలూ కడదాం. కొలతలు సెంటీమీటర్లలో తీసుకుంటాను. మూలల దగ్గరుండే చిన్న గుండ్రనాలను వదిలేస్తాను. అందుకే ఉక్కు పట్టికల్లో కనిపించే విలువలకూ వీటికీ కొద్దిపాటి తేడా ఉంటుంది. యాంగిల్‌ను రెండు దీర్ఘచతురస్రాలుగా విడదీయవచ్చు. నిలువుది వెడల్పు 1, ఎత్తు 10, వైశాల్యం 10. అడుగుది పొడవు 6.5, మందం 1, వైశాల్యం 6.5. మొత్తం 16.5 చదరపు సెంటీమీటర్లు. బయటి మూల నుంచి కొలిస్తే గురుత్వ కేంద్రం కుడివైపుకు 1.98, పైకి 3.23 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. అక్కడ లోహమే లేదు, రెండు రెక్కల మధ్య ఖాళీలో ఉంది ఆ బిందువు.

ఆ బిందువు గుండా అక్షాలు గీసి, ఒక్కో దీర్ఘచతురస్రానికి దాని సొంత భ్రామకమూ, అది జరిగి ఉన్న దూరపు వర్గాన్ని వైశాల్యంతో గుణించినదీ కూడితే Ix 163.7, Iy 79.1 వస్తాయి. వీటి ప్రమాణం సెంటీమీటర్ల నాలుగో ఘాతం. లబ్ధం లెక్క ఇంకా తేలిక. దీర్ఘచతురస్రానికి తన సొంత కేంద్రం దగ్గర, తన భుజాలకు సమాంతరంగా ఉన్న అక్షాలకు లబ్ధం సున్నా కాబట్టి, జరిగి ఉన్న దూరాలు చాలు. నిలువు ముక్క కేంద్రం ఎడమకు 1.48, పైకి 1.77 దూరంలో ఉంది. దాని వాటా −26.2. అడుగు ముక్క కేంద్రం కుడికి 2.27, కిందికి 2.73 దూరంలో ఉంది. దాని వాటా −40.3.

Ixy = −26.2 − 40.3 = −66.5

పక్కకు జరగడం, కిందికి దిగడం మధ్య నిష్పత్తి 66.5ను 79.1తో భాగిస్తే 0.84. కొస పది మిల్లీమీటర్లు దిగితే ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల దాకా పక్కకు పోతుందన్నమాట. ఇంత పెద్ద సంగతిని సాదా లెక్క పూర్తిగా వదిలేస్తోంది.

నిలువు, అడ్డం అన్న గీతలు మనం గీసినవి. బరువు కిందికి లాగుతుంది కాబట్టి, గోడ నిటారుగా ఉంది కాబట్టి అవి మనకు అనుకూలం. యాంగిల్‌కు వాటితో సంబంధం లేదు. గురుత్వ కేంద్రం దగ్గర ఆ రెండు గీతలనూ కలిపి మెల్లగా తిప్పుతూ పోతే మూడు సంఖ్యలూ మారుతూ పోతాయి. ఏదో ఒక కోణం దగ్గర లబ్ధం కచ్చితంగా సున్నా అవుతుంది. అక్కడ ఒక గీత చుట్టూ భ్రామకం అన్నిటికన్నా పెద్దది, దానికి లంబంగా ఉన్న గీత చుట్టూ అన్నిటికన్నా చిన్నది. ఇవే ఆ ఆకారపు ప్రధాన అక్షాలు. వాటి వెంబడి తోస్తే దూలం పక్కచూపు చూడకుండా, తోసిన వైపుకే వంగుతుంది. ఎంత వంకర ఆకారానికైనా ఇలాంటి జంట ఒకటి ఉంటుంది.

ఆ కోణాన్ని పట్టుకోవడానికి సూత్రాలున్నాయి. నేను మాత్రం వృత్తాన్నే ఇష్టపడతాను. దీన్ని మోర్ వృత్తం అంటారు. క్రిస్టియన్ ఒట్టో మోర్ 1835లో జర్మనీ ఉత్తర ప్రాంతంలో పుట్టాడు. మొదట రైలు మార్గాల ఇంజనీరు, తర్వాత స్టుట్‌గార్ట్‌లోనూ డ్రెస్డెన్‌లోనూ ప్రొఫెసర్. 1882లో ఆయన లోహంలోని ఒత్తిళ్లకు గీసిన వృత్తం పేరు పొందింది. అదే గణితం జడత్వానికీ అక్షరాలా వర్తిస్తుంది. అప్పట్లో ఇంజనీర్లు వంతెనల లెక్కల్లో పెద్ద భాగాన్ని స్కేలుతో, కాంపస్‌తో కాగితం మీదే తేల్చేవారు. వృత్తం ఆ అలవాటు నుంచి వచ్చింది.

వృత్తమే ఎందుకు వస్తుందో చూడటం కష్టం కాదు. అడ్డుకోతలోని ఒక చిన్న ముక్క కేంద్రం నుంచి ఒక దూరంలో, అడ్డగీత నుంచి ఒక కోణంలో ఉంటుంది. రెండు భ్రామకాల తేడాలో ఆ ముక్క వాటా, లబ్ధంలో దాని వాటా రెండూ ఆ కోణానికి రెట్టింపు కోణంలో ఉన్న ఒక బాణం నీడల్లా వస్తాయి. త్రికోణమితిలో రెట్టింపు కోణాల సూత్రాలు గుర్తున్నవారు దీన్ని రెండు వరుసల్లో రాసి చూసుకోవచ్చు. అక్షాలను ఏ కోణం తిప్పినా, ముక్కలన్నిటి బాణాలూ దానికి రెట్టింపు కోణం కలిసికట్టుగా తిరుగుతాయి. అన్నీ ఒకేలా తిరిగితే వాటి మొత్తం బాణం కూడా పొడవు మారకుండా తిరుగుతుంది. పొడవు మారని బాణం కొస గీసేది వృత్తాన్నే. అక్షాలు సగం తిరిగేసరికి వృత్తం మీద చుక్క పూర్తి చుట్టు తిరిగివస్తుంది. ఇందులో ఆశ్చర్యం లేదు. అక్షాన్ని 180 డిగ్రీలు తిప్పితే అది మళ్లీ అదే గీత కదా.

గ్రాఫు కాగితం అడ్డంగా పెట్టుకుని గీద్దాం. ఒక మిల్లీమీటరును ఒక ప్రమాణంగా తీసుకుంటే ఏ4 కాగితం సరిపోతుంది. అడ్డగీత మీద భ్రామకం, నిలువు గీత మీద లబ్ధం, పైకి ధనం. మొదటి చుక్క x అక్షానిది. కుడికి 163.7 వెళ్లి, లబ్ధం రుణం కాబట్టి 66.5 కిందికి దిగి పెట్టాలి. రెండో చుక్క y అక్షానిది. కుడికి 79.1 వెళ్లి, గుర్తు మార్చి 66.5 పైకి ఎక్కి పెట్టాలి. రెండు చుక్కలనూ గీతతో కలిపితే అది అడ్డగీతను 121.4 దగ్గర కోస్తుంది. అదే వృత్త కేంద్రం, రెండు భ్రామకాల సగటు. అక్కడ కాంపస్ ముల్లు గుచ్చి, చుక్క దాకా చాచి తిప్పితే వృత్తం వచ్చేసినట్టే. వ్యాసార్ధం స్కేలుతో కొలిస్తే 79కి కొంచెం తక్కువ వస్తుంది. లెక్కలో అది ఇలా ఉంటుంది:

R = √(42.3² + 66.5²) = 78.8

ఇందులో 42.3 రెండు భ్రామకాల తేడాలో సగం. వృత్తం అడ్డగీతను కుడివైపున 121.4 + 78.8 = 200.2 దగ్గర, ఎడమవైపున 121.4 − 78.8 = 42.6 దగ్గర తాకుతుంది. ఆ రెండు చోట్లా లబ్ధం సున్నా. కాబట్టి ఈ యాంగిల్‌కు గరిష్ఠ భ్రామకం 200.2, కనిష్ఠ భ్రామకం 42.6. ఇక దిక్కు. x చుక్క నుంచి కుడికొసకు చేరాలంటే వృత్తం మీద గడియారపు ముల్లుకు ఎదురు దిశలో 57.6 డిగ్రీలు తిరగాలి. అందులో సగం, 28.8 డిగ్రీలు, అదే దిశలో x అక్షాన్ని తిప్పితే గరిష్ఠ అక్షం దొరుకుతుంది. దానికి లంబంగా ఉన్న కనిష్ఠ అక్షం నిలువు గీత నుంచి అంతే కోణం ఒరిగి, తల ఎడమవైపుకు, పాదం కుడివైపుకు పెట్టి ఉంటుంది. యాంగిల్ బొమ్మ మీద ఈ గీత వేసి చూస్తే అది పొడవు రెక్క కొస వైపు నుంచి పొట్టి రెక్క కొస వైపుకు సాగుతుంది. లోహమంతా ఆ గీతకు దగ్గరగా సర్దుకుని ఉంటుంది. అందుకే ఆ గీత చుట్టూ భ్రామకం అంత తక్కువ.

సూత్రం వాడితే టాంజెంట్ విలువ నుంచి ఒక కోణం వస్తుంది. అది గరిష్ఠ అక్షానిదో, కనిష్ఠ అక్షానిదో సూత్రం చెప్పదు. వెనక్కి ప్రతిక్షేపించి చూడాలి. వృత్తంలో ఆ సందేహానికి తావే లేదు, కుడికొస కుడికొసే. రెండు కొసల మధ్య నూట యాభైకి పైగా ప్రమాణాల వ్యత్యాసం కంటికి కనిపిస్తూ ఉంటుంది. కంప్యూటర్ అర సెకనులో ఇచ్చే జవాబును నమ్మాలా వద్దా అని తేల్చుకోవడానికి కూడా ఒక చేతిగీత వృత్తం చాలు.

వృత్తం చేతికొచ్చాక మొదటి చిక్కుముడి విప్పడం సులువు. కిందికి లాగే 1000 న్యూటన్లను ప్రధాన అక్షాల వెంబడి రెండు ముక్కలు చేద్దాం. కనిష్ఠ అక్షం వెంబడి 876 న్యూటన్లు పడతాయి. దీనికి ఎదురు నిలిచేది గరిష్ఠ భ్రామకం 200.2 కాబట్టి ఆ దిశలో కదలిక 5.8 మిల్లీమీటర్లే. గరిష్ఠ అక్షం వెంబడి 482 న్యూటన్లు పడతాయి. బలం చిన్నదే, కానీ ఎదురు నిలిచే భ్రామకం 42.6 మాత్రమే. అందుకే ఆ దిశలో కదలిక 15.1 మిల్లీమీటర్లు. ఈ రెండు కదలికలనూ మళ్లీ నిలువుగా, అడ్డంగా విడదీసి కూడితే కిందికి 12.4, ఎడమవైపుకు 10.4 మిల్లీమీటర్లు వస్తాయి. సాదా లెక్క Ix ఒక్కటే వాడి 8.1 దగ్గర ఆగిపోయింది. సగం బలం కూడా లేని ముక్క, బలహీనమైన దిక్కు దొరికితే, మొత్తం కదలికను తన వైపుకు ఎలా తిప్పుకుంటుందో ఈ అంకెల్లో తెలుస్తుంది.

దూలంగా కాక స్తంభంగా వాడినప్పుడు కనిష్ఠ భ్రామకం ఇంకా ముఖ్యం. పొడవాటి సన్నని స్తంభాన్ని రెండు కొసల నుంచి నొక్కితే అది నలిగేకన్నా ముందే పక్కకు వంగిపోతుంది. అలా వంగేటప్పుడు అది మన గీతలను చూడదు, ఏ దిక్కున ప్రతిఘటన తక్కువో అటే పోతుంది. రెండు కొసలూ స్వేచ్ఛగా తిరగగలిగిన రెండు మీటర్ల యాంగిల్‌ను ఆయిలర్ సూత్రంతో చూస్తే, Iy తీసుకున్నవారికి 390 కిలోన్యూటన్ల దాకా మోస్తుందని జవాబు వస్తుంది. అసలు కనిష్ఠ భ్రామకం తీసుకుంటే 210 మాత్రమే. అదీ బరువు సరిగ్గా గురుత్వ కేంద్రం మీద పడితేనే. నిజమైన నిర్మాణంలో యాంగిల్‌ను ఒక రెక్కకు బోల్టులు వేసి కలుపుతారు కాబట్టి బరువు కేంద్రం తప్పి పడుతుంది, మోసే శక్తి ఇంకా తగ్గుతుంది. కరెంటు టవర్ల అల్లికలో ఒంటరి యాంగిల్ కడ్డీలను లెక్కించేటప్పుడు ఉక్కు పట్టికలో x, y వరుసలు దాటి, v అక్షపు వరుస దాకా వెళ్లి చూసేది ఇందుకే. ఆ వరుసలో ఉన్నది వృత్తం ఎడమ కొసే.

ఈ లెక్కలో తప్పులు ఎక్కడ దొర్లుతాయో కొంచెం ఆగి చూడాలి. మొదటిది, అక్షాలను గురుత్వ కేంద్రం గుండా కాక యాంగిల్ బయటి మూల గుండా గీయడం. కొలవడానికి మూల అనువుగా ఉంటుంది కాబట్టి చేయి అటు పోతుంది. అక్కడ అడ్డుకోతంతా కుడివైపు పైభాగంలోనే ఉంటుంది కాబట్టి లబ్ధం −66.5 కాకుండా +38.8 వస్తుంది. గుర్తే మారిపోయింది. కేంద్రానికి మార్చుకోవాలంటే వైశాల్యం 16.5ను 1.98, 3.23 దూరాలతో గుణించి, వచ్చిన 105.3ను తీసేయాలి. అప్పుడు మళ్లీ −66.5 చేతికొస్తుంది. రెండు దారుల్లోనూ చేసి సరిచూసుకోవడానికి ఇది మంచి పద్ధతి కూడా.

రెండో తప్పు ఇంతకన్నా మోసకారి. లబ్ధం విలువ సరిగ్గా వచ్చి, గుర్తు మాత్రం తప్పితే వృత్తం ఏమీ మారదు. గరిష్ఠం 200.2గానే, కనిష్ఠం 42.6గానే ఉంటాయి. కోణం కూడా 28.8 డిగ్రీలే. తిరిగే దిశ మాత్రం తలకిందులవుతుంది. అంకెలన్నీ పుస్తకంతో సరిపోతాయి కాబట్టి అనుమానం రాదు. యాంగిల్‌ను కుడి ఎడమలు మార్చి పెట్టినప్పుడు జరిగేది ఇదే. దీన్ని పట్టుకునేది కన్నే. కనిష్ఠ అక్షం లోహం పరుచుకున్న వైపుకు సాగాలి. బొమ్మ మీద గీసినప్పుడు అది రెక్కల కొసల వైపుకు కాకుండా, మూల గుండా ఖాళీలోకి పోతుంటే గుర్తు తప్పినట్టే.

కోణాన్ని సగం చేయడం మరిచి 57.6 డిగ్రీలు తిప్పేవారూ ఉంటారు. ఇక కూడికలో జరిగే పొరపాట్లకు వృత్తమే కాపలా. కేంద్రం కదలదు కాబట్టి గరిష్ఠ, కనిష్ఠ భ్రామకాల మొత్తం Ix, Iy ల మొత్తానికి సమానం కావాలి. మన లెక్కలో రెండూ 242.8. వృత్తం ఎప్పుడూ నిలువు గీతను దాటి ఎడమకు పోకూడదు. పోతే కనిష్ఠ భ్రామకం రుణమైనట్టు, అది అసాధ్యం. అలా వచ్చిందంటే లబ్ధాన్ని ఎక్కడో ఎక్కువ కట్టారు.

అన్ని ఆకారాలకూ వృత్తం గీయనక్కర్లేదు. సౌష్ఠవ రేఖ ఉంటే అదే ఒక ప్రధాన అక్షం, దానికి లంబం రెండోది. రెండు రెక్కలూ సమానమైన యాంగిల్‌కు మూల గుండా 45 డిగ్రీల గీత అలాంటిదే. చతురస్రానికి వృత్తం కుంచించుకుని ఒక చుక్క అయిపోతుంది. వ్యాసార్ధం లేదు కాబట్టి దానికి ఇష్టమైన దిక్కంటూ లేదు, ఎటు గీసిన గీతయినా ప్రధాన అక్షమే. చతురస్రపు కడ్డీని కర్ణం వెంబడి నిలబెట్టి వంచినా వంపు అంతే ఉంటుందని చెబితే చాలామంది నమ్మరు. చుక్కగా మారిన వృత్తాన్ని చూపిస్తే నమ్ముతారు.

యాంగిల్ పక్కచూపును కళ్లారా చూడాలంటే హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే సన్నని అల్యూమినియం యాంగిల్ ఒక మీటరు చాలు. సమాన రెక్కలదైనా పర్వాలేదు. ఒక రెక్క నిటారుగా ఉండేలా ఒక కొసను బల్లకు క్లాంపుతో బిగించి, రెండో కొస వెనుక గ్రాఫు కాగితం నిలబెట్టి, నీళ్ల సీసా వేలాడదీయాలి. దారాన్ని రెండు రెక్కలు కలిసే మూల దగ్గరే కట్టాలి. వేరే చోట కడితే యాంగిల్ మెలి కూడా తిరుగుతుంది, అది వేరే లెక్క. పలుచటి సమాన యాంగిల్‌కు పక్కకు జరిగే నిష్పత్తి 0.6. సీసా పది మిల్లీమీటర్లు దిగితే కొస ఆరు మిల్లీమీటర్లు పక్కకు జరిగి, కాగితం మీద ఏటవాలు గీత కనిపిస్తుంది.

అదే ప్రయోగంలో యాంగిల్ పక్కకు పోకుండా నున్నటి పలక ఒకటి అడ్డం పెడితే ఇంకో సంగతి తెలుస్తుంది. కొస ఇప్పుడు తిన్నగా కిందికే దిగుతుంది. మన ఉక్కు యాంగిల్‌కు పొడవునా అలా పక్క ఊతం ఇస్తే 8.1 మిల్లీమీటర్ల సాదా లెక్క అక్షరాలా నిజమవుతుంది. కానీ ఊరికే కాదు. Ixyని Ixతో భాగిస్తే 0.41. అంటే 1000 న్యూటన్ల బరువుకు 406 న్యూటన్ల పక్కబలాన్ని ఆ ఊతాలు మోయాలి. రేకుల షెడ్డులో యాంగిల్ పర్లిన్లకు ఈ పని చేసేవి పైన బిగించిన రేకులూ, పర్లిన్‌ను పర్లిన్‌కు కట్టే సన్నని శాగ్ రాడ్లూ. అందుకే రేకులు ఇంకా బిగించని రోజుల్లో, మనుషులు పైకెక్కి పర్లిన్ల మీద నడుస్తున్నప్పుడు, శాగ్ రాడ్లు ముందే పడి ఉండాలి. ఆ దశలో పర్లిన్‌ను పట్టుకుని ఉండేది అవి తప్ప మరేదీ లేదు, దాన్ని మోసే భ్రామకం 163.7 కాదు. ప్రధాన భ్రామకాలు రెండూ కలిసి నిలువు బరువుకు ఇచ్చే బిగువు 107.8కి సమానం. ఊతం ఉన్నప్పటి దానిలో మూడింట రెండు వంతులు.